8కి మామూలు పుట్, 2కి నాకౌట్ పుట్: బ్యారియర్, డిజిటల్ ఆప్షన్లలో ఏది ఎవరికి?

మీ చేతిలో ఉన్న షేరు ఇవాళ 100 దగ్గర ఉంది. మరో ఏడాది అమ్మే ఉద్దేశం లేదు, కానీ పడిపోతుందేమోనన్న భయం ఉంది. రక్షణ కోసం అడిగితే నాలుగు రకాల ధరలు చెప్పారనుకుందాం. షేరు ఒక నిర్ణీత ధర, అంటే స్ట్రైక్, కన్నా ఎంత పడితే అంత ఇచ్చేది పుట్. 100 స్ట్రైక్ ఉన్న మామూలు పుట్ 8. ఎక్కువ పెట్టలేనంటే 6.2కి ఒక రకం బ్యారియర్ పుట్, 5.4కి డిజిటల్ పుట్, చివరికి 2కి ఇంకో బ్యారియర్ పుట్. నాలుగింటికీ స్ట్రైక్ 100, గడువు ఏడాది. 8 పెట్టాల్సిన చోట 2తో పని అయిపోతుందంటే ఎవరికైనా చెయ్యి అటే పోతుంది.

ఆ 6 తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఏది ఎంచుకోవాలో చాలావరకు తేలిపోతుంది. అందుకే ఈ వ్యాసమంతా ఈ ఒక్క షేరు చుట్టూనే తిరుగుతుంది. లెక్క తేలిగ్గా ఉండాలని షేరు ఊగిసలాట, అంటే వొలటిలిటీ, ఏడాదికి 20 శాతమనీ వడ్డీ, డివిడెండ్ సున్నా అనీ పెట్టుకున్నాను. ధరలన్నీ బ్లాక్-షోల్స్ పద్ధతిలో వచ్చినవి. మార్కెట్లో వీటి మీద అమ్మేవాడి మార్జిన్ కూడా పడుతుంది.

మామూలు కాల్, పుట్ అడిగేది ఒక్కటే

మామూలు ఆప్షన్లను వనిల్లా అంటారు. 100 స్ట్రైక్ పుట్ అంటే గడువు నాటికి షేరు 100 కన్నా ఎంత కిందుంటే అంత చేతికొస్తుంది. 90 దగ్గర ముగిస్తే 10, 60 దగ్గర ముగిస్తే 40, 100 పైన ముగిస్తే సున్నా. కాల్ దీనికి అద్దంలో బొమ్మ: స్ట్రైక్ పైన ఎంత పెరిగితే అంత వస్తుంది. మన లెక్కలో వడ్డీ సున్నా కాబట్టి 100 స్ట్రైక్ కాల్ కూడా దాదాపు 8కే వస్తుంది.

ఇందులో రెండు గుణాలు గుర్తు పెట్టుకోండి. మొదటిది, చివరి రోజున ధర ఎక్కడుందన్నదే దీనికి కావాలి, అక్కడికి ఏ దారిన వచ్చిందన్నది అక్కర్లేదు. మధ్యలో 70కి పడి మళ్లీ 90కి లేచినా, 110 దాకా వెళ్లి 90కి దిగినా వచ్చేది 10 మాత్రమే. రెండోది, చెల్లింపు మెట్టు లేకుండా ఏటవాలుగా నడుస్తుంది. ధర ఒక పైసా కదిలితే చెల్లింపు కూడా ఒక పైసానే కదులుతుంది.

బ్యారియర్ ఆప్షన్ ఈ మొదటి గుణాన్ని తీసేస్తుంది, డిజిటల్ రెండోదాన్ని తీసేస్తుంది. మిగతా కథంతా ఈ రెండు మార్పుల నుంచి పుట్టేదే.

2కి వచ్చే పుట్ లోపల ఏముంది

బ్యారియర్ ఆప్షన్‌లో స్ట్రైక్‌తో పాటు ఇంకో ధర రాసి ఉంటుంది. షేరు ఆ ధరను తాకగానే ఆప్షన్ రద్దయిపోతే అది నాకౌట్. తాకితేనే ఆప్షన్ ప్రాణం పోసుకుంటే అది నాక్‌ఇన్. ఇవాళ్టి ధరకు బ్యారియర్ పైనుందా, కిందుందా అన్నదాన్ని బట్టి అప్-అండ్-అవుట్, డౌన్-అండ్-ఇన్ లాంటి పేర్లు వస్తాయి. పేర్లను బట్టీ పట్టక్కర్లేదు. బ్యారియర్ ఎటువైపు ఉందో, తాకితే ఏమవుతుందో చూసుకుంటే చాలు.

2కి ఇస్తామన్నది 80 దగ్గర బ్యారియర్ ఉన్న డౌన్-అండ్-అవుట్ పుట్. ఏడాదిలో ఏ క్షణమైనా షేరు 80ని తాకితే ఆ పుట్ అక్కడితో సరి, ఆ తర్వాత ఏం జరిగినా ఏమీ రాదు. తాకకుండా 90 దగ్గర ముగిస్తే 10, 81 దగ్గర ముగిస్తే 19. చిన్న వానకు పనికొచ్చి తుఫాను రాగానే మాయమయ్యే గొడుగు లాంటిది.

ఇప్పుడు ఆ 6 ఎక్కడికి పోయిందో విడదీద్దాం. మొత్తం పుట్ ధర 8. షేరు 80 కింద ముగిసినప్పుడు వచ్చే డబ్బు మీకు వద్దు అనుకోండి. 80 కన్నా ఎంత కిందికి పోతే అంత ఇచ్చే భాగం ఖరీదు 1.2. అది 80 స్ట్రైక్ పుట్ ధరే. ఆ పైన, 100కూ 80కీ మధ్య ఉన్న 20 కూడా 80 కింద ముగిస్తే రాదు. అది 80 కింద ముగిస్తే కచ్చితంగా 20 ఇచ్చే డిజిటల్ లాంటిది, దాని ఖరీదు 3.1. ఈ రెండూ తీసేస్తే 3.7 మిగులుతుంది. గడువు రోజున మాత్రమే బ్యారియర్‌ను చూసే పుట్ ధర ఇదే.

3.7 నుంచి 2కి దిగిన 1.7 దారి ఖరీదు. అంటే మధ్యలో ఎప్పుడో 80ని తాకి, మళ్లీ పైకొచ్చి, 80కీ 100కీ మధ్య ముగిసే సందర్భాలను వదులుకున్నందుకు తగ్గిన మొత్తం. ఇలాంటివి చాలా మంది ఊహించినదానికన్నా ఎక్కువ. మన లెక్కలో ఏడాది చివర 80 కింద ముగిసే అవకాశం 15.5 శాతం. ఏడాదిలో ఎప్పుడైనా 80ని తాకే అవకాశం 29.5 శాతం, దాదాపు రెట్టింపు. ఇందులో మాయ ఏమీ లేదు. 80ని తాకిన చోట నిలబడి చూస్తే అక్కడి నుంచి పైకి పోవడానికీ కిందికి పోవడానికీ రమారమి సమాన అవకాశం ఉంటుంది కాబట్టి, తాకిన దారుల్లో సగం మాత్రమే చివరికి 80 కింద మిగులుతాయి. బ్యారియర్ ధర చూడగానే "అక్కడ ముగుస్తుందా?" అని కాకుండా "అక్కడిని తాకుతుందా?" అని అడగడం అలవాటు చేసుకోండి.

ఇదంతా మోసమేమీ కాదు, లెక్క ప్రకారం న్యాయమైన ధరే. వనిల్లా పుట్ నుంచి పెద్ద నష్టం తాలూకు ముక్కలన్నీ కోసేసి మిగిలింది 2కి అమ్ముతున్నారు. ఆ కోసేసిన ముక్కల కోసమేనా మీరు పుట్ కొనాలనుకున్నది? షేరు యజమానికి చాలాసార్లు అవుననే వస్తుంది జవాబు.

తాకితే బతికేది కూడా ఉంది

అదే 100 స్ట్రైక్, 80 బ్యారియర్‌తో నాక్‌ఇన్ పుట్ కొంటే 80ని తాకే దాకా అది నిద్రలో ఉంటుంది, తాకాక మామూలు పుట్ అయిపోతుంది. దీని ధర విడిగా లెక్కపెట్టాల్సిన పని లేదు. నాకౌట్, నాక్‌ఇన్ రెండూ కలిపి కొంటే 80ని తాకినా తాకకపోయినా మీ దగ్గర కచ్చితంగా ఒక పుట్ ఉంటుంది. కాబట్టి రెండూ కలిపి 8 కావాలి, నాకౌట్ 2 కాబట్టి నాక్‌ఇన్ 6. అమ్మేవాళ్లు రెండు ధరలు చెప్పినప్పుడు ఈ కూడిక సరిపోతుందో లేదో చూడటం వాళ్ల మార్జిన్ ఎంతో పసిగట్టడానికి మంచి మార్గం. అయితే రద్దయినప్పుడు కొంత డబ్బు వెనక్కిచ్చే రిబేట్ షరతు ఉంటే ఈ లెక్క ఇలాగే నడవదు.

చిన్న పతనాలు తట్టుకోగలను, కూలిపోతేనే భయం అనుకునేవారికి అర్థవంతమైనది ఈ నాక్‌ఇన్. షేరు 60కి పడితే 40 మొత్తం వస్తుంది. 82 దాకా జారి అక్కడే ఆగిపోతే మాత్రం 18 నష్టమూ మీదే, ప్రీమియం 6 కూడా పోయినట్టే. దీనితో పోలిస్తే 80 స్ట్రైక్ మామూలు పుట్ 1.2కే వస్తుంది కానీ 60 దగ్గర 20 మాత్రమే ఇస్తుంది.

మీకు తెలియకుండా ఈ నాక్‌ఇన్ పుట్‌ను మీరే అమ్ముతున్న సందర్భాలు కూడా ఉంటాయి. రివర్స్ కన్వర్టిబుల్, ఆటోకాలబుల్ పేర్లతో వచ్చే నోట్లలో "షేరు ఫలానా స్థాయిని తాకకపోతే అసలు భద్రం" అనే వాక్యం కనిపిస్తే, ఆ ఎక్కువ కూపన్‌లో పెద్ద భాగం మీరు అమ్మిన నాక్‌ఇన్ పుట్ ప్రీమియమే. పోల్చుకోవాల్సింది బ్యాంకు వడ్డీతో కాదు, ఆ పుట్‌ను విడిగా అమ్మితే ఎంత వస్తుందన్నదానితో.

బ్యారియర్ ఎటువైపు ఉందన్నదే అసలు తేడా

ఇక 6.2 పుట్. ఇది కూడా నాకౌటే, కానీ బ్యారియర్ 110 దగ్గర, అంటే పైన ఉంది. షేరు 110ని తాకితే పుట్ రద్దవుతుంది. ఆ క్షణానికి మీ షేరు 10 లాభంలో ఉంటుంది, రద్దయిన పుట్ కూడా పెద్దగా విలువ లేని స్థితిలోనే ఉంటుంది. ఇంకా రక్షణ కావాలనుకుంటే అక్కడే 110 దగ్గర కొత్తది కొనుక్కోవచ్చు. దానికి ఖర్చవుతుంది కానీ లాభంలో ఉన్నప్పుడు పెట్టే ఖర్చది. షేరు నేరుగా 60కి పడితే మాత్రం 40 మొత్తం వస్తుంది.

రెండు నాకౌట్లలో ఒకటి 1.8 ఆదా చేసింది, ఇంకోటి 6. ఆదా తక్కువగా ఉన్నది మీకు అవసరం లేని చోట రద్దవుతుంది. ఆదా ఎక్కువగా ఉన్నది మీకు డబ్బు రావాల్సిన చోట రద్దవుతుంది. రెండోదాన్ని రివర్స్ బ్యారియర్ అంటారు. నా దృష్టిలో షేరు కాపాడుకోవడానికి నాకౌట్ కొనాలనుకునేవారు ముందు ఈ ఒక్క విభజన చేసుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

కాల్స్‌లోనూ ఇదే తీరు. ఏడాది తర్వాత విదేశీ కరెన్సీ కొనాల్సిన కంపెనీ ధర పెరుగుతుందని భయపడి కాల్ కొంటుంది. 90 దగ్గర బ్యారియర్ ఉన్న డౌన్-అండ్-అవుట్ కాల్ మన లెక్కలో 6.5. కరెన్సీ 90కి పడితే రక్షణ పోతుంది, కానీ అక్కడే ఫార్వర్డ్‌లో, అంటే ఇప్పుడే ధర ఖాయం చేసుకుని తర్వాత కొనే ఒప్పందంలో, 90కి కుదుర్చుకుంటే కంపెనీకి లాభమే. అదే కాల్‌కు 120 దగ్గర నాకౌట్ పెడితే ధర 1.1కి పడిపోతుంది. దాన్ని చూసి ముచ్చటపడిన కంపెనీకి కరెన్సీ 121కి చేరిన రోజున రక్షణా ఉండదు, 121 పెట్టి కొనాల్సి వస్తుంది.

2కి కొన్నది చేతిలో ఎలా ప్రవర్తిస్తుంది

చివరి రోజు చెల్లింపు పట్టిక చూసి కొనేవారికి అందని సంగతి ఒకటుంది: గడువు లోపల ఆ ఆప్షన్ విలువ ఎలా కదులుతుందన్నది.

గడువుకు ఇంకా వారం ఉందనుకోండి, షేరు 84 దగ్గరుంది. మామూలు పుట్ విలువ 16. 80 బ్యారియర్ ఉన్న నాకౌట్ విలువ 14.4. షేరు 82కి దిగితే మామూలు పుట్ 18 అవుతుంది, నాకౌట్ 10.4కి పడిపోతుంది. 80ని తాకితే ఒకటి 20, రెండోది సున్నా. పుట్ అని పేరు పెట్టుకున్నది షేరు పడుతుంటే తానూ పడటం మొదలుపెడుతుంది. షేరుకు కాపలాగా కొన్నది షేరు పక్షానే చేరిపోతుంది. 84 దగ్గర 14.4 వస్తోందంటే, రక్షణ ముఖ్యమైనవాడు అక్కడ అమ్మేసి వేరే పుట్ కొనడం గురించి ఆలోచించాల్సిందే, 81 దాకా ఎదురుచూడకూడదు.

వొలటిలిటీ విషయంలోనూ అంతే. మార్కెట్లో భయం పెరిగి మొదటిరోజే వొలటిలిటీ 20 నుంచి 30 శాతానికి వెళ్లిందనుకుందాం, షేరు మాత్రం 100 దగ్గరే ఉంది. మామూలు పుట్ 8 నుంచి 11.9కి పెరుగుతుంది. నాకౌట్ పుట్ 2 నుంచి 0.9కి దిగుతుంది, ఎందుకంటే 80ని తాకే అవకాశం 29.5 నుంచి 51 శాతం దాకా వచ్చేసింది. షేరు ఒక్క పాయింటు పడకుండానే రక్షణ విలువ సగానికన్నా తగ్గింది. వొలటిలిటీ ఎక్కువగా ఉన్నప్పుడు రివర్స్ నాకౌట్లు మరీ చౌకగా కనిపించడానికి కారణం ఇదే. ఎప్పుడు చౌకగా దొరుకుతాయో అప్పుడే రద్దయ్యే ముప్పు కూడా పెరిగి ఉంటుంది.

అమ్మినవాడి వైపు నుంచి కూడా ఒక సంగతి ఉంది. బ్యారియర్ దగ్గరపడ్డాక ఈ పుట్ విలువ షేరుతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, అమ్మినవాడు హెడ్జ్ కోసం, అంటే తన నష్టాన్ని కాచుకోవడానికి, షేర్లు కొని పెట్టుకుంటాడు, అది కూడా ఒక ఆప్షన్‌కు ఒకటి కన్నా ఎక్కువే. 80ని తాకగానే ఆప్షన్ పోతుంది, ఆ షేర్లతో ఇక పని లేదు, అమ్మేస్తాడు. పెద్ద మొత్తంలో బ్యారియర్లు ఒకే ధర దగ్గర ఉన్నప్పుడు ఆ ధర తాకాక పతనం ఇంకాస్త ఊపందుకోవడానికి ఇదొక కారణం కాగలదు.

డిజిటల్: ఎంత పడిందని కాదు, పడిందా లేదా అని

5.4కి ఇస్తామన్న డిజిటల్ పుట్ ఒప్పందం ఇలా ఉంది: గడువు రోజున షేరు 100 కిందుంటే 10 ఇస్తారు, లేకపోతే ఏమీ ఇవ్వరు. 99.95 దగ్గర ముగిసినా 10, 60 దగ్గర ముగిసినా అదే 10. 100.05 దగ్గర ముగిస్తే సున్నా. దీన్నే బైనరీ ఆప్షన్ అని కూడా అంటారు.

ధరను చదవడం ఇందులో చాలా తేలిక. 10 ఇచ్చేదానికి 5.4 అడుగుతున్నారంటే, వడ్డీ సున్నా అనుకున్న మన లెక్కలో షేరు 100 కింద ముగిసే అవకాశాన్ని మార్కెట్ 54 శాతంగా లెక్కగడుతోందన్నమాట. మామూలు పుట్ ధరలో ఎంత అవకాశం, ఎంత లోతు అన్నవి కలగలిసి ఉంటాయి. డిజిటల్‌లో లోతు మాటే లేదు.

షేరు యజమానికి దీనితో వచ్చే ఇబ్బంది కూడా లోతు దగ్గరే. 60కి పడితే నష్టం 40, వచ్చేది 10. అలాగని నాలుగు డిజిటల్స్ కొంటే 21.6 ఖర్చు, 99 దగ్గర ముగిస్తే 1 నష్టానికి 40 వస్తుంది. అది రక్షణ అనిపించుకోదు, పందెం అవుతుంది. డిజిటల్ నిజంగా అతికేది నష్టమే ఒక్క దెబ్బలో, స్థిరంగా వచ్చే చోట. ఉదాహరణకు తాకట్టు పెట్టిన షేరు ఫలానా తేదీన ఒక స్థాయి కింద ఉంటే ఇంత రుసుము కట్టాలని అప్పు ఒప్పందంలో ఉందనుకోండి. ఎంత కిందుందన్నదానితో పని లేని నష్టానికి, ఎంత కిందుందన్నదానితో పని లేని చెల్లింపు సరిగ్గా సరిపోతుంది.

డిజిటల్ ధర సరైనదో కాదో తేల్చుకోవడానికి మామూలు పుట్లే చాలు. 101 స్ట్రైక్ పుట్లు పది కొని, 100 స్ట్రైక్ పుట్లు పది అమ్మితే 100 కింద ఎక్కడ ముగిసినా 10 వస్తుంది. 100కూ 101కీ మధ్య మాత్రం ఏటవాలుగా తగ్గుతుంది. దీని ఖర్చు 5.5. డిజిటల్ అమ్మేవాడు తన వెనక పెట్టుకునే హెడ్జ్ కూడా ఇంచుమించు ఇదే. 100 దగ్గర ఉన్న నిట్టనిలువు మెట్టును ఎవరూ హెడ్జ్ చేయలేరు కాబట్టి దాన్ని కాస్త వాలుగా మార్చి, ఆ వాలు ఖర్చు మీ మీద వేస్తాడు. ఎవరైనా ఇదే డిజిటల్‌ను 6.5కి అమ్ముతుంటే, మామూలు పుట్లు పక్కపక్క స్ట్రైకుల్లో దొరికే చోట అది కొనాల్సిన అవసరం కనిపించదు. అయితే పది జతలకూ కొనే-అమ్మే ధరల తేడా కలిపి చూసుకోండి, స్ట్రైకులు దగ్గరగా ఉన్నప్పుడు ఆ తేడాయే లాభాన్ని తినేయగలదు.

ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు పుట్ ధర తెలిసినంత మాత్రాన అదే స్ట్రైక్ డిజిటల్ ధర తెలియదు. షేర్లలో తక్కువ స్ట్రైకులకు వొలటిలిటీ ఎక్కువ పలకడం మామూలే, దీన్ని స్క్యూ అంటారు. 95 స్ట్రైక్‌కు 21 శాతం, 100కి 20, 105కి 19 ఉందనుకుంటే, 100 స్ట్రైక్ మామూలు పుట్ ధర 8 దగ్గరే ఉంటుంది కానీ డిజిటల్ పుట్ 5.4 నుంచి 4.6కి దిగుతుంది. డిజిటల్ ధర ఆధారపడేది పక్కపక్క స్ట్రైకుల ధరల తేడా మీద కాబట్టి ఆ వాలు మారగానే ఇది మారిపోతుంది. ఒకే వొలటిలిటీ పెట్టి లెక్కేసే ఆన్‌లైన్ కాల్క్యులేటర్ చూపించే ధరతో బేరం ఆడితే తప్పుదారి పట్టడానికి ఇదే కారణం. బ్యారియర్ ఆప్షన్లకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది, వాటి లోపల కూడా డిజిటల్ ముక్క ఉందని పైన చూశాం కదా.

డిజిటల్‌లోనే "తాకితే చాలు" అనే రకం ఉంటుంది, వన్-టచ్ అంటారు. 80 కింద ముగిస్తే 10 ఇచ్చేది 1.5 చిల్లర, 80ని ఎప్పుడు తాకినా 10 ఇచ్చేది 2.9 చిల్లర. పేపర్ల మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, ధర మాత్రం దాదాపు రెట్టింపు. ముగింపు రకాన్ని వన్-టచ్ ధరకు కొనకుండా చూసుకోవడం మీ పని.

డిజిటల్ పేరు చెప్పగానే చాలా మందికి గుర్తొచ్చేది నిమిషాల్లో తేలిపోయే బైనరీ వెబ్‌సైట్లు. గెలిస్తే పెట్టినదాని మీద 80 శాతం లాభం, ఓడితే మొత్తం పోతుందన్న షరతు పెడతారనుకోండి. నష్టం లేకుండా బయటపడాలంటేనే వందకు 55.6 సార్లు గెలవాలి. కొన్ని నిమిషాల కదలిక ఇంచుమించు బొమ్మా బొరుసే కాబట్టి ఆ 50కీ 55.6కీ మధ్య తేడాలోనే వాళ్ల వ్యాపారం ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2018 జూలై నుంచి, బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ నుంచి, ఆస్ట్రేలియాలో 2021 మే నుంచి చిన్న ఇన్వెస్టర్లకు వీటిని అమ్మడాన్ని నియంత్రణ సంస్థలు నిషేధించాయి. గణితం దృష్టిలో రెండూ ఒకటే అయినా, ఏడాది గడువుతో హెడ్జ్ కోసం కుదుర్చుకునే డిజిటల్‌నూ వీటినీ ఒకే గాటన కట్టలేం.

పక్కపక్కన పెడితే

పోలికలోకి ఇంకోదాన్ని కూడా తెస్తాను: పుట్ స్ప్రెడ్. 100 పుట్ కొని 80 పుట్ అమ్మడం. ఖర్చు 8 లోంచి 1.2 పోగా 6.8. గడువు నాటికి షేరు చేరిన దారిని బట్టి ఒక్కోటి ఎంత ఇస్తుందో చూడండి.

| ఏది (ధర) | నేరుగా 90 | 79ని తాకి 90 | 60 | 112ని తాకి 85 |
|---|---|---|---|---|
| మామూలు పుట్ (8) | 10 | 10 | 40 | 15 |
| 100/80 పుట్ స్ప్రెడ్ (6.8) | 10 | 10 | 20 | 15 |
| 110 దగ్గర రద్దయ్యే పుట్ (6.2) | 10 | 10 | 40 | 0 |
| 10 ఇచ్చే డిజిటల్ (5.4) | 10 | 10 | 10 | 10 |
| 80 దగ్గర రద్దయ్యే పుట్ (2) | 10 | 0 | 0 | 15 |

మొదటి నిలువు వరుసలో ఐదూ ఒకటే. అమ్మకానికి వచ్చినవాళ్లు చూపించే ఉదాహరణ సాధారణంగా ఇదే. రెండో, మూడో వరుసలు అడిగి చూపించమనండి.

కూలిపోతుందన్న భయమే ప్రధానమైతే నేను మామూలు పుట్ లేదా 110 బ్యారియర్ పుట్ వైపు మొగ్గుతాను. రెండోది ఎంచుకునేవారు 110 తాకిన రోజున ఏం చేస్తారో ముందే రాసి పెట్టుకోవాలి, లేకపోతే లాభంలో ఉన్నామన్న ధీమాలో రక్షణ లేకుండా మిగిలిపోతారు. 20 దాకా నష్టం ఆగితే చాలు, ఆ పైది భరించగలను అనుకుంటే పుట్ స్ప్రెడ్ మేలు. అది 80 కింద కూడా 20 ఇస్తూనే ఉంటుంది, రద్దు గొడవ లేదు. 80 నాకౌట్ ఎవరికి పనికొస్తుందంటే, షేరు కాస్త తగ్గుతుంది కానీ 80 దాకా పోదని గట్టి అభిప్రాయం ఉండి, ఆ అభిప్రాయం మీద 2 పెట్టి పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డవారికి. దాన్ని రక్షణ ఖాతాలో రాసుకోకూడదు.

సంతకానికి ముందు చదవాల్సిన నాలుగు లైన్లు

మామూలు కాల్, పుట్లు ఎక్స్ఛేంజీలో ఒకే రకం షరతులతో ట్రేడవుతాయి, క్లియరింగ్ సంస్థ హామీ ఉంటుంది, నచ్చకపోతే మధ్యలో అమ్మేయవచ్చు. బ్యారియర్లు, డిజిటల్స్ ఎక్కువగా బ్యాంకుతో నేరుగా కుదుర్చుకునే ఒప్పందాలు. మధ్యలో బయటపడాలంటే అదే బ్యాంకు చెప్పిన ధరకు ఒప్పుకోవాలి, పైగా ఆ బ్యాంకు నిలబడి ఉండాలి.

కాబట్టి కాగితం మీద మొదట చూడాల్సింది బ్యారియర్‌ను ఎప్పుడెప్పుడు గమనిస్తారన్నది. ప్రతి క్షణమా, రోజు ముగింపు ధరేనా, గడువు రోజున మాత్రమేనా? ఉదయం 79.8కి పడి సాయంత్రం 83 దగ్గర ముగిసిన రోజున మొదటి రకం చచ్చిపోతుంది, రెండోది బతుకుతుంది. దీన్ని లెక్కలోకి తేవడానికి బ్రాడీ, గ్లాసర్‌మన్, కౌ అనే పరిశోధకులు 1997లో ఒక తేలికైన సర్దుబాటు చూపించారు: ముగింపు ధర మాత్రమే చూసే బ్యారియర్‌ను కొంచెం దూరం జరిపి, ప్రతి క్షణం చూసే బ్యారియర్‌లాగే లెక్కేయొచ్చు. మన షేరుకు ఏడాదిలో 252 ట్రేడింగ్ రోజులు అనుకుంటే, 80 దగ్గరున్న ముగింపు బ్యారియర్ 79.4 దగ్గరున్న నిరంతర బ్యారియర్‌తో సమానం. నాకౌట్ కొనేవారికి ముగింపు రకం కొంచెం మేలు, ధర కూడా ఆమేరకు కొంచెం ఎక్కువే ఉండాలి. తక్కువ ధరకు ముగింపు రకం ఇస్తున్నామంటే ఇంకో షరతు ఎక్కడో దాగి ఉండొచ్చు, వెతకండి.

రెండోది, ఏ ధరను లెక్కలోకి తీసుకుంటారు, తాకిందని ఎవరు తేలుస్తారు. కరెన్సీల్లో ఇరవైనాలుగు గంటల మార్కెట్ కాబట్టి లావాదేవీలు పల్చగా ఉండే వేళ జరిగిన ఒక్క ట్రేడ్ సరిపోతుందా, కొంత మొత్తం దాటాలా అన్నది రాసి ఉండాలి. చాలా ఒప్పందాల్లో తేల్చేది అమ్మిన బ్యాంకే, అభ్యంతరం చెప్పే మార్గం ఏమిటో అడగండి. మూడోది సరిగ్గా సమానమైన సందర్భం: 80.00 అంటే తాకినట్టా, దాటితేనే తాకినట్టా, డిజిటల్‌లో 100.00 దగ్గర ముగిస్తే 10 వస్తుందా రాదా. చిన్న విషయంలా ఉంటుంది, ఒక్క పైసా మీద మొత్తం చెల్లింపు ఆధారపడే ఒప్పందంలో మాత్రం చిన్నది కాదు. నాలుగోది, డివిడెండ్, బోనస్, స్ప్లిట్ వస్తే స్ట్రైక్‌తో పాటు బ్యారియర్‌ను కూడా సర్దుతారా అన్నది. ఒకటికి రెండు షేర్లు ఇచ్చే స్ప్లిట్‌లో షేరు ధర సగమైన రోజున బ్యారియర్ 80 దగ్గరే ఉండిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.